దసరాకు వస్తుందని చెప్పిన ఆట

మా ఇంట్లో ‘చూద్దాం’ అనే మాట వినపడేది కాదు. గుమ్మం ముందుకు వచ్చి అడిగినవాడికి ఇస్తాననో ఇవ్వననో తేల్చి చెప్పాలి. తెలియదు అనకూడదు. తెలియదన్న మనిషి పెద్దరికం ఆ పూటతో పోతుందని మా తాత నమ్మకం. కారేపల్లి పక్కన ఆయనకున్న భూములు మా నాన్న చేతిలోనే కరిగిపోయాయి. నా వంతుకు మిగిలింది ఆ అలవాటు ఒక్కటే. భూములు పోయినందుకు నష్టపడ్డది మేము. ఈ అలవాటు వల్ల నష్టపడ్డది ఇంకొకరు.

ఖమ్మంలో ఒక విత్తనాల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని మేమిద్దరం కంప్యూటర్ గేమ్ తయారుచేసేవాళ్ళం. నేను, నాతోపాటు ఒక ప్రోగ్రామర్. ఆమె కొత్తగూడెం బొగ్గు గని కార్మికుడి కూతురు. హైదరాబాదులో ఒక గేమ్ కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక వెనక్కి వచ్చింది. కోడ్ రాయడం, బొమ్మలు కదిలించడం ఆమె పని. ఆటలో కనపడే మాటలు, కథ, అడవి చప్పుళ్ళు నావి. కొనేవాళ్ళతో మాట్లాడే పనీ నాదే. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. మనుషులతో మాట్లాడటం మా ఇంటి వాళ్ళకు పుట్టుకతో వస్తుందని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఆట భద్రాచలం వైపు అడవి అంచున జరుగుతుంది. ఆడేవాడు వాగు ఒడ్డున గుడిసె వేసుకుంటాడు. ఇప్పపువ్వు ఏరుతాడు, చేపలు పడతాడు, వానాకాలానికి ముందు కప్పు నేసుకుంటాడు. అడవిపందులు చేనులో పడితే తరుముతాడు. అంతే. ఒక్కడే ఆడే ఆట.

అది పూర్తికాకముందే అమ్మకానికి పెడదామని ప్రోగ్రామర్ అన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని ఎర్లీ యాక్సెస్ అంటారు. ఆట ఇంకా తయారవుతుండగానే ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్మకానికి పెడతారు. కొన్నవాళ్ళు ఆడుతూ తప్పులు చెబుతారు, చేసేవాళ్ళు దిద్దుతూ పోతారు. మా ఇంట్లో విస్తట్లో ఆఖరి కూర పడేదాకా ఎవరూ చేయి పెట్టేవారు కాదు. సగం వడ్డించిన విస్తరి ముందు మనిషిని కూర్చోబెట్టి డబ్బులు అడగడమా?

“అన్నా, నువ్వు నేను రెండేండ్ల సంది గీ ఆట ఆడుతున్నం. మనకు తెలిసిన తొవ్వలనే నడుస్తం” అంది ఆమె. “కొత్తోడు వస్తే సక్కగ పోయి వాగుల దూకుతడు. అప్పుడు తెలుస్తది వాగుకు అడుగు లేదని.”

“వాగుకు అడుగు లేదా?”

“పోయిన వారం దాక లేకుండె. నేను దూకితే భూమి కింద నుంచి ఆకాశంల పడ్డ.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె చెప్పింది నిజమే. ఇద్దరు మనుషులు, రెండు కంప్యూటర్లు. మిగతా లోకంలో ఎన్ని రకాల కంప్యూటర్లున్నాయో, వాటిమీద మా ఆట ఎలా నడుస్తుందో, ఇప్పపువ్వు ఏరడం ఎవరికి విసుగో ఎవరికి ఇష్టమో మాకు తెలిసే దారి లేదు. ఇది బయటికి చెప్పే కారణం. రెండో కారణం ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. దాచుకున్న డబ్బు ఇంకో ఏడాది రాదు. పూర్తికాని ఆటలు బయటికి వచ్చేది ఎక్కువగా ఈ రెండూ కలిసినప్పుడే. చేసేవాళ్ళకు తమ తప్పు తమకు కనపడకుండా పోతుంది, ఆగే ఓపికా అయిపోతుంది.

స్టోర్ వాళ్ళు పేజీ పెట్టేముందు కొన్ని ప్రశ్నలకు జవాబు రాయమంటారు. ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నారు, ఎంతకాలం పట్టవచ్చు, ఇవాళ ఆటలో ఏముంది, పూర్తయ్యాక ఏం మారుతుంది అని. కొనేవాడు మొదట చదవవలసింది ఆ జవాబులే. వాటితోపాటు చేసేవాళ్ళకు ఒక సూచన ఉంటుంది. అమ్మకాలు రాకపోతే ఆట పూర్తిచేయలేని స్థితిలో ఉంటే ఈ దారిలోకి రావద్దని. ప్రోగ్రామర్ దాన్ని పైకి రెండుసార్లు చదివింది. చదివి, నా వైపు చూసి, కిందకు జరిపింది. మేము ఆ స్థితిలోనే ఉన్నాం.

‘ఇవాళ ఆటలో ఏముంది’ అన్నచోట ఆమె ఇలా రాసింది: ఒక్కరే ఆడగలరు. చాలాకాలం ఆడిన ఆటను దాచుకుంటే, అంటే సేవ్ చేసుకుంటే, మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. నేను దాన్ని ‘కొన్ని చిన్న లోపాలు ఉండవచ్చు’ అని మార్చాను. ఇంటికి వచ్చినవాళ్ళకు పెచ్చులూడిన గోడ చూపిస్తామా అన్నాను. ఆమె వాదించి వాదించి ఊరుకుంది.

అమ్మకం మొదలైన కొన్నాళ్ళకు, వేసవి చివరలో, ఒక పెద్దమనిషి మెట్లెక్కి గదిలోకి వచ్చాడు. టేకులపల్లి నుంచి వచ్చానన్నాడు. భూగర్భ గనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడట. కార్మికులు లోపలికి దిగేముందు పని జరిగే చోటు భద్రంగా ఉందో లేదో చూసి, వెళ్ళవచ్చని చెప్పేది సర్దారే. భార్య లేదు. ఒక్కతే కూతురు, హైదరాబాదులో పెద్ద దవాఖానాలో నర్సు. ఆమె సెలవుకు వచ్చినప్పుడల్లా తండ్రికి కంప్యూటర్ మీద ఆటలు నేర్పిందట. మా ఆట ఉచిత నమూనా ఇద్దరూ ఆడి చూశారు.

“ఫోన్ల ఏం మాట్లాడుతం? తిన్నవా అంటది, తిన్న అంట. నువ్వు తిన్నవా అంట, తిన్న అంటది. గంతే” అన్నాడాయన. “గదే ఇద్దరం కలిసి ఒక్క వాగుల చేపలు పడుతుంటే నోట్లకెళ్ళి ముచ్చట అదే వస్తది. అందుకే అడుగుదామని వచ్చిన. ఇద్దరు ఆడేది ఎప్పుడొస్తది?”

వచ్చిన పని చెప్పి, జవాబుకు తొందరపడకుండా మమ్మల్ని పరీక్షించడం మొదలుపెట్టాడు.

“ఇంతకుముందు ఏమన్న ఆట మొదలుపెట్టి ముగించిన్రా?”

“లేదు కాకా, ఇదే మొదటిది” అంది ప్రోగ్రామర్.

“ముందుగాల రెండు వారాలకొకసారి దిద్ది పెట్టిన్రు. పోయిన నెల ఒక్కటే పెట్టిన్రు. ఎందుకు?”

“బయట పని ఒకటి ఒప్పుకున్న. మూడు రోజులు అది, మూడు రోజులు ఇది.”

“కొనేటోళ్ళు తగ్గితే?”

“ఇది ఇంక నెమ్మదైతది.”

ఆయన తల ఊపాడు. “కోపం జేస్కోకు బిడ్డా. గనిల కొత్త సొరంగంల అడుగు పెట్టేముందు నేను కట్టెతోని పైకప్పు కొట్టి ఇంటుంటి. గట్టిగ మోగితే పొండ్రి అంటుంటి. డొల్లగ మోగితే మేనేజరొచ్చి చెప్పినా ఎవ్వన్నీ పోనియ్యకుంటి. అలవాటు పోలే. ఇగ చెప్పు, ఇద్దరి ఆట?”

“చెప్పలేను కాకా. ఇది ఒక్కరికోసం కట్టిన ఇల్లు. ఇద్దరికి అంటే పునాది మళ్ళ తవ్వాలె. నీ కంప్యూటర్ల వాన పడుతది, అక్క దాంట్ల ఎండ కొడుతది. ఏది నిజం? ఒక్క చేపను ఇద్దరు ఒక్కపారే పడితే ఎవరిది?”

“మా ఇంట్ల అయితే బిడ్డదే” అన్నాడాయన.

ఆమె నవ్వింది. “కంప్యూటర్‌కు గది చెప్పనీకే ఏడాది పడుతదేమో. పట్టినా అయితదో కాదో.”

విషయం అక్కడితో తేలిపోయింది. ఆయన లేచి వెళ్ళిపోవలసినవాడే. కాని లేస్తూ నన్ను పరిశీలనగా చూశాడు. పేజీలో మా గురించి రాసినచోట నేను మా ఊరి పేరు పెట్టుకున్నాను. ఆట అమ్మడానికి ఆ ఊరి పేరు అక్కర్లేదు. నాకే అక్కర.

“మీరు గా పటేలోళ్ళ మనుమలా? మా నాయిన మీ తాతకాడ జీతముండె. మీ తాత నోట్లకెళ్ళి మాటొస్తే తెల్లారేసరికి పని అయిపోయినట్టే అనేటోడు మా నాయిన.” ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. “పటేలా, మీరు చెప్పున్రి. అయితదా, కాదా?”

నన్ను ఎవరైనా పటేలా అని పిలిచి ఎన్నేళ్ళయిందో! కింద దుకాణం వాడు నన్ను ‘పైన గదాయన’ అంటాడు. నా వెన్ను దానంతట అదే నిటారుగా అయింది.

“దసరాకల్లా వస్తది” అన్నాను.

“అయితే రెండు కొంట” అన్నాడాయన. “నాకొకటి, బిడ్డకొకటి.”

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక ప్రోగ్రామర్ నా వైపు తిరిగింది.

“ఎవర్నడిగి చెప్పినవ్ అన్నా?”

“చేస్తే అయిపోతది. మనసు పెట్టాలి.”

“చేసేది నేను. మనసు నీదా?” ఆమె గొంతు పెంచలేదు. “ఆయన కట్టె మంచిగనే కొట్టిండు. డొల్లగనే మోగింది. నువ్వే పక్కన నిలబడి గట్టిగ కేకేసినవ్. గా చప్పుడుల ఆయనకు ఇనపడలే.”

మాట తప్పలేను కాబట్టి మర్నాడు పేజీలో కూడా రాశాను. దసరాకు ఇద్దరు ఆడే ఆట వస్తుందని. ముందు ముందు ఏం వస్తుందో తేదీ పెట్టి చెప్పవద్దని, ఉన్నదే చెప్పమని స్టోర్ వాళ్ళ సూచనల్లో ఉంటుంది. నేను అది చదివాను. అది వేరేవాళ్ళకోసం రాసిందనుకున్నాను.

ఆ మాట చూసి కొందరు కొన్నారు. తరువాత తగ్గిపోయారు. ఇలాంటి ఆటకు మొదటి రోజుల్లో వచ్చిన డబ్బే డబ్బు. ఆ తరువాత పని పెరుగుతుంది, రాబడి సన్నబడుతుంది. ఒకరి దగ్గర ఆట తెరుచుకోదు, ఒకరికి చప్పుడు వినపడదు, ఒకరి గుడిసె వాన పడగానే మాయమవుతుంది. ఆమెకు మిగిలే మూడు రోజులూ వీటిని దిద్దడానికే సరిపోయేవి. కొత్తది చేయడానికి పూట దొరికేది కాదు.

సర్దారు గారు పంపే ఫిర్యాదులు అన్నిటికన్నా మేలుగా ఉండేవి. గనిలో రిపోర్టు రాసిన చేయి. ‘ఆటలో మూడో వానాకాలం. వాగు దాటుతుంటే కుడికాలు బండలోకి దిగింది. నాలుగుసార్లు దాటి చూశాను. రెండుసార్లు దిగింది, బరువు మోస్తున్నప్పుడు మాత్రమే.’ అలా రాస్తే దిద్దడం సులువు. ఇద్దరి ఆట సంగతి మాత్రం ఆయన ఒక్కసారీ అడగలేదు. ప్రతి ఉత్తరం తెరిచేటప్పుడు అడుగుతాడేమోనని భయపడేవాణ్ణి. అడగలేదని తెలిసి ఇంకా కుంగేవాణ్ణి.

వానలు ముదిరాక ప్రోగ్రామర్ మిగతా పని ఆపి, మూడు వారాలు దానిమీదే కూర్చుంది. మా రెండు కంప్యూటర్ల మధ్య ప్రయత్నించి చూశాం. నేను వేసిన గుడిసె ఆమెకు కనపడలేదు. ఆమె పట్టిన చేప నా బుట్టలోకి వచ్చింది. ఒక అడవిపంది రెండయి, ఒకటి నా చేనులో, ఒకటి ఆమె ఆకాశంలో మేసింది. మూడో వారం చివర ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

“కాదన్నా. ఇది చెయ్యాలంటే ఉన్న ఆటను ఏడాది దాక ముట్టుకోవద్దు. ముట్టుకోకుంటే ఉన్నోళ్ళు పోతరు. పేజీల తీసెయ్.”

నేను తీసేయలేదు. దసరా రోజు ‘స్వల్ప ఆలస్యం’ అని రెండు మాటలు పెట్టాను. కింద ఎవరో రాశారు: ‘ఏ సంవత్సరం దసరానో చెప్పనందుకు రచయితగారిని మెచ్చుకోవాలి.’ కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలన్నీ మొదటి నుంచి కలిపి చూస్తే మా ఆట ఇంకా మంచిదిగానే కనపడేది. ఇటీవలివి మాత్రమే చూస్తే బాగాలేదన్న ఎర్ర గుర్తు ఉండేది. కొనబోయే మనిషి చూడాల్సింది ఆ రెండోదే.

చలికాలం మొదట్లో ఒక ఉదయం టేకులపల్లి బస్సెక్కాను. ఉత్తరం రాసి ఊరుకోవచ్చు. కాని మాట నోటితో ఇచ్చాను. బస్సు కారేపల్లి మీదుగా పోతుంది. ఒకప్పుడు మావైన చేలలో మిరపతోట ఉంది. అవి కనపడకుండా రెండో వైపు సీటులోకి మారాను.

సర్దారు గారిది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కంప్యూటర్ మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. టీ పెట్టాడు. తువ్వాలు తీసి తన ఆట చూపించాడు. వాగు ఒడ్డున రెండు గుడిసెలు. మొదటిది తనది. రెండోది కాస్త పెద్దది, తూర్పు వాకిలి, లోపల మంచం, వరండాలో చేపల బుట్ట.

“అది బిడ్డది” అన్నాడు. “వచ్చినంక కట్టుకుంట ఎక్కడ కూసుంటదని నేనే కట్టిన.”

“సర్దార్ సాబ్, ఇద్దరి ఆట రాదు” అన్నాను. “ఆలస్యం కాదు. రాదు.”

“తెలుసు పటేలా. ఆగస్టులనే తెలుసు.”

“ఎట్ల?”

“దిద్దినప్పుడల్లా ఏమేం దిద్దిన్రో కింద రాస్తరు గద. బండ దిద్దినం, వాన దిద్దినం అని. ఇద్దరి ముచ్చట ఒక్క ముక్క లేకపాయె. పని నడుస్తుంటే ఎక్కడన్న ఆనవాలుంటది. పేజీల మీరు రాసిన తారీఖుంది, పనిల లేదు.”

“తెలిసీ వాపసు ఎందుకు అడగలేదు?”

“నాది ఎప్పుడో దాటిపాయె. రెండు గంటలకన్న తక్కువ ఆడి, కొన్న పద్నాలుగు రోజులల్ల అడగాలె గద. నేను మొదటి రోజే నాలుగు గంటలు ఆడిన.” ఆయన టీ గ్లాసు నేలమీద పెట్టాడు. “బిడ్డది ఇయ్యొచ్చుండె. నలభై నిమిషాలే ఆడింది. పదమూడో రోజు, ‘ఒక్కదానికి మంచిగనిపిస్తలేదు నాయినా, వాపసిచ్చేద్దామా’ అన్నది. పటేలు మాటిచ్చిండు, ఉంచు అన్న నేను.”

నేను జేబులో చేయి పెట్టాను. కూతురి ఆటకు ఆయన పెట్టిన డబ్బు మడిచి తెచ్చుకున్నాను.

“లోపల పెట్టుకోన్రి” అన్నాడాయన. మాటలో కోపం లేదు. “మా నాయిన మీ గడపకాడ చెయ్యి చాపి తీసుకున్నడు. నేను చాప.”

చేయి జేబులోనే ఉండిపోయింది. బయటికి తీయడమూ, అలా ఉంచడమూ రెండూ అవమానంగానే ఉన్నాయి.

“మిమ్మల్ని అనుకునుడేంది?” అన్నాడాయన. “ముందుగాల ఏం చేసిన్రో అడిగిన, లేదన్నరు. పని నెమ్మదైందని నేనే చూసిన. చేసే పిల్ల చెప్పలేనన్నది. అన్నీ డొల్లగనే మోగినయ్. ఇనుకుంటనే లోపలికి పోయిన. ఇన్నేండ్ల కొలువుల గట్ల ఎన్నడు చెయ్యలే. మా నాయిన నోట్ల మీ తాత ముచ్చట ఇని ఇని, గా మాట మీద పోయిన.”

నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. చాలాకాలం ఆడిన ఆట మళ్ళీ తెరుచుకోని ఆ పాత లోపాన్ని, నేను ‘చిన్న లోపాలు’ అని కప్పిపెట్టిన దాన్ని, ప్రోగ్రామర్ చివరికి దిద్దింది. కాని దాచుకునే పద్ధతే మార్చవలసి వచ్చింది. కొత్త రూపంలో ఇదివరకు దాచుకున్న ఆటలు తెరుచుకోవు. అదీ చెప్పాను.

ఆయన తెర వైపు చూశాడు. “అయితే గీ ఇండ్లు?”

‘ఉంచుతాం, నేను చెబుతాను’ అన్న మాట నాలుక చివరకు వచ్చింది. అక్కడే ఆగింది.

“పోతాయి.”

“మార్చే తొవ్వ లేదా?”

“తెలియదు” అన్నాను. “ఆమె చూసింది. దొరకలేదు. పాత రూపాన్ని స్టోర్‌లో పక్కన విడిగా ఉంచుతాం. మీరు దానిమీదే ఉండిపోవచ్చు. ఉంటే ఇల్లుంటుంది. కాని ఇక అందులో ఏదీ దిద్దం. ఎన్నాళ్ళు తెరుచుకుంటుందో అదీ తెలియదు.”

ఆయన ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు.

“పాతదే ఉంచుకుంట.” తువ్వాలు మళ్ళీ కంప్యూటర్ మీద కప్పాడు. “గీ తెల్వదన్న మాట ఆనాడే అనుంటే ఒక్కటే కొందును. ఒక్కనికి మంచి ఆటే అది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పి అమ్మితే సరిపోతుండె గద?”

బస్సు దాకా వచ్చాడు. మధ్యలో కూతురు ఫోన్ చేసింది. తిన్న, అన్నాడు. నువ్వు తిన్నవా, అన్నాడు. సరే, పెట్టేయి, అన్నాడు.

ఆ వారం పేజీ మొత్తం తిరగరాశాను. ‘ఇది ఒక్కరు ఆడే ఆట. ఇద్దరు ఆడేది వస్తుందని నేను రాశాను. అది తప్పు, రాదు. ఇద్దరమే పనిచేస్తున్నాం, అదీ వారంలో కొన్ని రోజులే. పూర్తిచేయలేకపోవచ్చు. ఇవాళ ఇందులో ఉన్నది మీకు చాలితే కొనండి. రేపు వచ్చేదాని కోసం కొనవద్దు. కొన్నాక రెండు గంటలు దాటకముందే ఆగి, చాలిందో లేదో తేల్చుకోండి.’

ప్రోగ్రామర్ చదివింది. “గిప్పుడు మంచిగుంది. ఇగ ఎవ్వరు కొనరు” అంది. కొనేవాళ్ళు తగ్గారు కూడా. కొత్త సంవత్సరంలో ఆమె మళ్ళీ హైదరాబాదులో ఉద్యోగానికి పోయింది. ఆదివారాలు కాస్త పని చేసి పంపుతుంది. గది ఖాళీ చేశాం. ఆట ఇంకా పూర్తికాలేదు.

మొన్న సర్దారు గారి నుంచి ఉత్తరం వచ్చింది. పాత రూపం గురించి ఫిర్యాదు రాసి లాభం లేదని ఆయనకు తెలుసు. అయినా రాశాడు. ‘పదకొండో వానాకాలం. ఆట తెరుచుకోవడానికి మునుపటికన్నా ఆలస్యమవుతోంది. ఇవాళ మూడుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి తెరుచుకుంది. రెండు ఇళ్ళూ ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్ళుంటాయి?’

తెలియదు, అని రాశాను.